ఫొటోలో పోలిక ఎవరిది?

ముక్కు నాన్నది, కళ్లు మేనత్తవి, నవ్వేమో అమ్మమ్మది. తెలుగు ఇళ్లలో పసిపిల్లల ముఖాన్ని ఇలా ముక్కలు ముక్కలుగా బంధువులకు పంచిపెడతారు. పంచేవాళ్లు మారితే వాటాలూ మారతాయి. ఒకే ఫొటో చూసి నాన్నమ్మ ‘అచ్చం మావాడే’ అంటుంది, అమ్మమ్మ ‘అంతా మేనమామ పోలికే’ అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

పోలిక పట్టేటప్పుడు కన్ను రెండు రకాల సంగతులు చూస్తుంది. మొదటిది విడివిడి అవయవాల తీరు: ముక్కు దూలం ఎత్తు, కనురెప్ప మీది మడత, పై పెదవి పల్చదనం, గడ్డం మీది నొక్కు, చెవి తమ్మె. రెండోది వాటి మధ్య ఉండే ఎడం: కళ్లకూ కళ్లకూ మధ్య దూరం, ముక్కు కిందినుంచి పెదవి దాకా ఉన్న జాగా, నుదురు వెడల్పుకూ దవడ వెడల్పుకూ ఉన్న తేడా. మొదటి రకాన్ని మాటల్లో పెట్టడం సులువు. రెండోది ఒక్క చూపులో తెలిసిపోతుంది గానీ పేరు పెట్టి చెప్పడం కష్టం. ‘ఏదో ఆ కళ ఉంది’ అనే మాట ఎక్కువగా దీని గురించే.

బిడ్డకు జన్యువులు సగం తల్లినుంచి, సగం తండ్రినుంచి వస్తాయి. అయితే ముక్కుకో గడ్డానికో ఒక్కో జన్యువు ఉండదు. ముఖంలో ప్రతి భాగాన్నీ ఎన్నో జన్యువులు కలిసి తీర్చుతాయి. అందుకే తండ్రి ముక్కు ఉన్నదున్నట్టు కూతురికి దిగడం అరుదు. దూలం ఒకరిలా, ముక్కుపుటాలు మరొకరిలా, మొత్తం చూస్తే ఇద్దరిలోనూ లేని కొత్త ముక్కు రావచ్చు. అందులో ఏ భాగాన్ని లెక్కలోకి తీసుకుంటారన్నది చూసేవారి ఇష్టం. అభిప్రాయ భేదం మొదలయ్యేది ఇక్కడే.

ఒక ఆల్బమ్‌ను ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. ఎడమవైపు పద్నాలుగు నెలల పాప, పుట్టువెంట్రుకలు తీయించిన వారానికి ఫోన్‌లో తీసిన రంగుల ఫొటో. కుడివైపు ఆమె తండ్రి, ఏడాది వయసులో స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ఫొటో. అప్పటికి ఆయనకు పుట్టువెంట్రుకలు తీయలేదు. జుట్టు నుదుటి మీదికి పడి ఉంది, కళ్లకు దట్టంగా కాటుక, బుగ్గన దిష్టిచుక్క. పాపకూ కాటుక పెట్టారు. చూసినవాళ్లంతా ముందు ‘కళ్లు తండ్రివే’ అంటారు. ఆ మాటలో సగం కాటుకది. రెప్పల అంచును నల్లగా దిద్దితే ఏ పసిబిడ్డ కళ్లైనా పెద్దవిగా, గుండ్రంగా కనిపిస్తాయి. ఇక పాప నుదురు విశాలంగా ఉంది, తండ్రిది ఇరుకుగా ఉంది కాబట్టి ‘నుదురు మాత్రం తల్లిది’ అంటారు. తండ్రి నుదురు నిజానికి ఎంతో ఆ ఫొటోలో కనిపించనే కనిపించదు. జుట్టు కప్పేసింది. కాటుకనూ జుట్టునూ పక్కన పెట్టి చూస్తే మిగిలేవి రెండే: పై పెదవి మధ్యలో ఉన్న గట్టి వంపు, బయటికి తిరిగిన చెవులు. పోలిక అని ధైర్యంగా చెప్పదగినవి ఆ రెండూ. మొదటి చూపులో వాటిని ఎవరూ పట్టించుకోరు.

వయసు కూడా కంటిని మోసం చేస్తుంది. ఏడాది లోపు పిల్లలందరికీ నుదురు పెద్దది, దవడ చిన్నది, ముక్కు దూలం అణిగి ఉంటుంది, బుగ్గల్లో కొవ్వు నిండి ఉంటుంది. ఇవి పసితనపు లక్షణాలు. అందుకే పాపను తండ్రి పసితనపు ఫొటోతో పోలిస్తే పోలిక ఎక్కువగానూ, తల్లి పెళ్లి ఫొటోతో పోలిస్తే తక్కువగానూ తోస్తుంది. తాత ఇంట్లో ఏ ఫొటోలు భద్రంగా ఉన్నాయన్నదే తీర్పును ఒక పక్కకు వంచగలదు.

కెమెరా దూరం మరో చిక్కు. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. నాలుగైదు అడుగుల దూరంనుంచి తీస్తే అదే ముఖం వెడల్పుగా వస్తుంది. ఫొటోల మధ్య ఈ తేడా ఎంత ఉంటుందో బ్రిటన్ పరిశోధకులు 2011లో చూపించారు. ఇద్దరు డచ్ ప్రముఖ మహిళల ఫొటోలు ఇరవై చొప్పున, మొత్తం నలభై కలిపి ఇచ్చి, ఒక్కో మనిషివి ఒక్కో కుప్పగా వేయమన్నారు. వాళ్లెవరో తెలియని బ్రిటన్ వాసులు సగటున ఏడెనిమిది కుప్పలు వేశారు. ఒకే మనిషి రెండు ఫొటోలే వేర్వేరు మనుషుల్లా అనిపిస్తుంటే, తండ్రీకూతుళ్ల ఫొటోల్లో తేడా ఎంతవరకు ముఖానిదో, ఎంతవరకు ఫొటోదో విడదీయడం తేలిక కాదు.

వీటన్నిటికంటే బలమైనది ముందే తెలిసిన బంధుత్వం. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయానికి చెందిన పావొలా బ్రెసాన్, మరియా దాల్ మార్తెల్లో 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పెద్దవారి ఫొటో, ఒక పిల్లవాడి ఫొటో జంటగా చూపించి పోలిక ఎంత ఉందో చెప్పమన్నారు. కొన్ని జంటలు నిజంగా తల్లిదండ్రులూ పిల్లలూ, కొన్ని ఏ సంబంధమూ లేనివి. బంధువులని నమ్మినప్పుడు, ఆ నమ్మకం తప్పైనా సరే, చూసేవారికి పోలిక ఎక్కువగా కనిపించింది. సంబంధం తెలిశాక కన్ను కలిసే చోట్లను ఏరుకుంటుంది, కలవని చోట్లను వదిలేస్తుంది.

మాట ఎవరి ముందు అంటున్నారన్నదీ తీర్పులో కలుస్తుంది. మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ 1982లో అమెరికాలోని ప్రసవాల వీడియోలను పరిశీలిస్తే, బిడ్డ తండ్రి పోలికేనని ఎక్కువసార్లు అన్నది తల్లులే. మరి పసిపిల్లలు నిజంగా తండ్రినే పోలి ఉంటారా? 1995లో క్రిస్టెన్‌ఫెల్డ్, హిల్ ఏడాది పిల్లల ఫొటోలను పరాయివారికిచ్చి తల్లినో తండ్రినో గుర్తించమంటే తండ్రిని ఎక్కువగా గుర్తించారు. ఆ ఫలితం చాలా పేరు తెచ్చుకుంది. కానీ 1999లో బెల్జియంలో బ్రెదార్, ఫ్రెంచ్ మళ్లీ చేసిన పరీక్షలో తండ్రికి అలాంటి మొగ్గు కనబడలేదు. మొదటి ఫలితాన్ని సూత్రంలా చెప్పడం అందుకే సరికాదు.

మేనరికం చేసుకున్న ఇళ్లలో ప్రశ్నే చిక్కుపడుతుంది. మేనమామను పెళ్లాడిన తల్లికి పుట్టిన బిడ్డకు నాన్నమ్మ ఎవరంటే, తల్లికి అమ్మమ్మే. ఆమె కనుముక్కు తీరు బిడ్డలో కనిపిస్తే అది తల్లి వైపునుంచి వచ్చిందో, తండ్రి వైపునుంచి వచ్చిందో ముఖం చూసి తేల్చలేరు.

అభిప్రాయాన్ని కాస్త గట్టిగా పరీక్షించాలంటే ఒక దారి ఉంది. దాదాపు ఒకే వయసులో, ఎదురుగా, ఒకే రకం వెలుతురులో తీసిన ఫొటోలు తీసుకోవాలి. జుట్టు, బట్టలు, నేపథ్యం కనబడకుండా కత్తిరించాలి. పాప ఫొటో పక్కన మూడు ఫొటోలు, ఒకటి తండ్రి పసితనానిది, రెండు సంబంధం లేని పిల్లలవి, పెట్టి కుటుంబం తెలియనివారిని అడగాలి. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెప్పేస్తారు కాబట్టి ఒకరిద్దరి జవాబుకు విలువ లేదు. ముప్ఫై మందిని అడిగితే పదిమంది సరిగ్గా చెప్పడం మామూలే. ఇరవై మంది చెబితే ఆ ఫొటోల్లో పోలిక ఉందనుకోవచ్చు. పదిమందే చెప్పినంత మాత్రాన బంధం లేదని కాదు. కన్నబిడ్డల్లోనూ తల్లిదండ్రుల పోలిక బయటివారికి అందనివాళ్లు ఉంటారు. తండ్రి ఎవరన్న సందేహాన్ని తీర్చేది డీఎన్‌ఏ పరీక్షే. ఆల్బమ్‌లో ఎన్ని ఫొటోలున్నా ఆ పని చేయలేవు.