గొట్టం దాటిన తొమ్మిది మిల్లీమీటర్లు

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో అనునాద గొట్టం ప్రయోగం చేసిన ఒక విద్యార్థికి ధ్వని వేగం సెకనుకు 331.8 మీటర్లు వచ్చిందనుకుందాం. పాఠ్యపుస్తకం తిరగేస్తే అక్కడా దాదాపు అదే అంకె. ఇంతకంటే ఏం కావాలి? రికార్డులో రాసేసి సంతకం కోసం వెళ్తాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. పుస్తకంలోని అంకె సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరిది. ఆ రోజు ల్యాబులో 30 డిగ్రీల వేడి ఉంది. గాలిలో ధ్వని వేగం డిగ్రీకి సుమారు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది కాబట్టి ఆ గదిలో రావాల్సిన జవాబు 350 దగ్గర. అంటే ఆ కుర్రాడి లెక్కలో 18 మీటర్లు తగ్గాయి. తగ్గిన అంకె వెళ్లి వెళ్లి సరిగ్గా పుస్తకంలోని అంకె పక్కన వాలింది. తప్పు జవాబు ఇంత నమ్మకంగా కనిపించే ప్రయోగాలు అరుదు.

ఆ 18 మీటర్లు ఎక్కడికి పోయాయో తెలియాలంటే గొట్టంలో ఏం జరుగుతోందో చూడాలి.

సామగ్రి చిన్నదే. నిలువుగా బిగించిన ఒక మీటరు పొడవు గాజు గొట్టం, దానికి రబ్బరు ట్యూబుతో కలిపిన నీటి పాత్ర, పక్కనే స్కేలు. పాత్రను పైకెత్తితే గొట్టంలో నీరు లేస్తుంది, దించితే దిగుతుంది. నీటి మట్టానికి, గొట్టం మూతికి మధ్య ఉన్న గాలే మన వాయుస్తంభం. కింద నీరు అడ్డుగా ఉంటుంది కాబట్టి దీన్ని మూసిన గొట్టం అంటాం. 512 హెర్ట్జ్ శృతిదండాన్ని, అదే ట్యూనింగ్ ఫోర్క్‌ను, రబ్బరు దిమ్మ మీద కొట్టి మూతి పైన పట్టుకుని నీటిని మెల్లగా దించుతూ పోవాలి. ఒకచోట ఆ సన్నని మోత ఒక్కసారిగా నిండుగా, గది అంతా వినిపించేలా లేస్తుంది. అదే అనునాదం.

ఎందుకు లేస్తుంది? ఫోర్క్ కాలు కిందికి కదిలినప్పుడు గాలిని నొక్కుతుంది. ఆ ఒత్తిడి గొట్టంలోకి దిగి, నీటిని తాకి, వెనక్కి మూతి దగ్గరికి వస్తుంది. తెరిచిన మూతి దగ్గర దాని స్వభావం తలకిందులవుతుంది. ఒత్తిడిగా వచ్చింది పలుచనగా మారి మళ్లీ లోపలికి తిరుగుతుంది. సరిగ్గా ఆ క్షణానికి ఫోర్క్ కాలు సగం కంపనం పూర్తి చేసి పైకి కదలడం మొదలుపెడితే, అది కూడా గాలిని పలుచన చేస్తుంది. రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. ప్రతి కంపనంలోనూ అదే జరిగి గాలి ఊగడం పెరుగుతుంది, మనకు మోత వినిపిస్తుంది.

512 హెర్ట్జ్ ఫోర్క్‌కు సగం కంపనం అంటే సెకనులో 1024వ వంతు. 350 మీటర్ల వేగంతో ధ్వని ఆ కాలంలో 34.2 సెంటీమీటర్లు పోతుంది. దిగడానికి 17.1, ఎక్కడానికి 17.1. తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు అని పుస్తకాలు చెప్పేది ఈ 17.1 సెంటీమీటర్లనే. నీటిని ఇంకా దించుతూ పోతే, ఒత్తిడి వెళ్లి వచ్చేసరికి ఫోర్క్ ఒకటిన్నర కంపనాలు పూర్తిచేసే చోట రెండోసారి మోత వస్తుంది. అప్పటి పొడవు నాలుగోవంతుకు మూడు రెట్లు.

ఇప్పుడు స్కేలు చూద్దాం. లోపలి వ్యాసం 3 సెంటీమీటర్లున్న గొట్టంలో మొదటి మోత 17.1 దగ్గర రాదు, 16.2 దగ్గర వస్తుంది. రెండోది 51.3 దగ్గర కాక 50.4 దగ్గర వస్తుంది. రెండుచోట్లా లోటు ఒకటే, తొమ్మిది మిల్లీమీటర్లు. మన విద్యార్థి మొదటి పొడవునే పూర్తి నాలుగోవంతు అనుకుని నాలుగుతో, 512తో హెచ్చించాడు. 331.8 వచ్చింది. అదే తప్పును రెండో పొడవుతో చేసి ఉంటే 344 వచ్చేది. ఒకే గది, ఒకే గాలి, ఒకే ఫోర్క్, రెండు వేగాలు! రెండో లెక్క కూడా వేసి ఉంటే అనుమానం అక్కడికక్కడే వచ్చేది.

తొమ్మిది మిల్లీమీటర్లు గొట్టం బయట ఉన్నాయి. మూతి దగ్గర గాజు ఆగిపోతుంది కానీ గాలి కదలిక ఆగదు. స్తంభంతోపాటు మూతికి కొంచెం పైనున్న గాలి కూడా కిందికీ పైకీ ఊగుతుంది. ఆ ఊగే గాలికి కూడా బరువుంది. గొట్టంలోని గాలి దాన్నీ మోస్తూ కదలాలి. అందుకని స్తంభం తన అసలు పొడవుకంటే కాస్త పొడవైనట్టే ప్రవర్తిస్తుంది. ఈ అదనపు పొడవునే అంత్య సవరణ అంటారు. మూతి ఎంత వెడల్పయితే బయట అంత ఎక్కువ గాలి ఊగుతుంది కాబట్టి ఇది గొట్టం పొడవు మీద కాక వ్యాసం మీద ఆధారపడుతుంది. ల్యాబులో వాడే లెక్క వ్యాసానికి 0.3 రెట్లు. మన 3 సెంటీమీటర్ల గొట్టానికి అది 0.9 అవుతుంది.

ఈ 0.3 ఎవరో కంటిచూపుతో వేసిన అంచనా కాదు. సన్నని గోడలున్న గుండ్రటి గొట్టానికి దాన్ని పూర్తి గణితంతో రాబట్టింది 1948లో హెరాల్డ్ లెవీన్, జూలియన్ ష్వింగర్. వ్యాసార్ధానికి 0.6133 రెట్లు అని తేల్చారు. తర్వాత 1965లో నోబెల్ అందుకున్న ష్వింగర్ ఇతనే. మూతి చుట్టూ వెడల్పాటి పలక ఉంటే ఈ విలువ వ్యాసార్ధానికి 0.82 రెట్ల దాకా పెరుగుతుంది. పలక అడ్డుపడి బయటి గాలి పక్కలకు విడిపోలేదు మరి.

ఇంత తెలిశాక కూడా సవరణను సూత్రం నుంచి తెచ్చి కలపడం నాకంత నచ్చదు. మన గొట్టం గోడ మందం వేరు, పైన పట్టుకున్న ఫోర్క్ కూడా మూతిని కొంత కప్పుతుంది. దాన్ని కలపడం కంటే లెక్కలోంచి తప్పించడం మంచిది. రెండు పొడవుల్లోనూ లోటు ఒకటే కాబట్టి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే లోటు దానంతటదే పోతుంది. 50.4లోంచి 16.2 పోతే 34.2. ఇది సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం. మీటర్లలో 0.342ను రెండుతో, 512తో హెచ్చిస్తే 350.2. గది వేడికి రావాల్సిన వేగం ఇదే. అంత్య సవరణ ఎంతో తెలియకుండానే వచ్చింది.

సవరణ విలువ కూడా ఈ రెండు రీడింగుల్లోనే దాగుంది. మొదటి పొడవును మూడుతో హెచ్చిస్తే 48.6. దాన్ని 50.4లోంచి తీసి సగం చేస్తే 0.9. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. రెండు పొడవుల మధ్య దూరంలో ఒక మిల్లీమీటరు తప్పితే వేగంలో తేడా సెకనుకు ఒక మీటరే. సవరణ లెక్కలో మాత్రం మొదటి పొడవు మూడు రెట్లవుతుంది కాబట్టి, అక్కడ రెండు మిల్లీమీటర్లు పొరబడితే జవాబు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. ఉన్నదే తొమ్మిది. కాబట్టి 0.9 బదులు 0.6 వచ్చినా 1.2 వచ్చినా కంగారు అక్కర్లేదు. రుణసంఖ్య వస్తే మాత్రం రీడింగు తప్పినట్టే. రెండో పొడవు ఎప్పుడూ మొదటిదానికి మూడు రెట్ల కంటే కాస్త ఎక్కువే ఉండాలి, తగ్గకూడదు.

మోత సరిగ్గా ఎక్కడ గరిష్ఠమో చెవితో పట్టడం కష్టం. అది ఒక గీత దగ్గర కాక కొన్ని మిల్లీమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. నీరు దిగేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు ఒకసారి చూసి సగటు తీసుకుంటే చెవి చేసే ఆలస్యం చాలావరకు పోతుంది. ఫోర్క్‌ను బల్ల అంచుకేసి కొడితే ఇంకో తంటా. అసలు స్వరంతోపాటు దానికి ఆరు రెట్లకు పైగా పౌనఃపున్యమున్న కీచు స్వరం కూడా లేచి, ఎక్కడపడితే అక్కడ చిన్న చిన్న దొంగ మోతలు పుట్టిస్తుంది. ఇక థర్మామీటరును గోడకు కాక గొట్టం లోపలికి వేలాడదీయాలి. సంపు నుంచి తెచ్చిన చల్లటి నీరు లోపలి గాలిని రెండు డిగ్రీలు చల్లబరిచినా వేగం ఒక మీటరుకు పైగా తగ్గుతుంది. దీనికి ఎదురుగా, నీటిమీది గాలి తేమగా ఉండటం వల్ల వేగం కొద్దిగా పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర పూర్తి తేమ ఉంటే ఆ పెరుగుదల రెండు మీటర్ల వరకూ ఉండొచ్చు. అందుకే ఈ ప్రయోగంలో 348 వచ్చినా 352 వచ్చినా మంచి జవాబే.

తెరిచిన గొట్టం సంగతి ఇంట్లోనే చూడొచ్చు, నీళ్లతో పని లేదు. ప్లంబరు దగ్గర మిగిలిన పీవీసీ పైపు ముక్క చాలు. రెండు వైపులా తెరిచిన గొట్టంలో అనునాదం సగం తరంగదైర్ఘ్యం దగ్గర వస్తుంది. మూతులు రెండు కాబట్టి సవరణ కూడా రెండుసార్లు కలుస్తుంది. లోపలి వ్యాసం 2.5 సెంటీమీటర్లయితే మూతికి 0.75 చొప్పున మొత్తం ఒకటిన్నర సెంటీమీటర్లు. అంటే 50 సెంటీమీటర్ల పైపు 51.5 లాగా పలుకుతుంది. అరచేత్తో మూతిని తట్టి చేయి వెంటనే తీసేస్తే సుమారు 340 హెర్ట్జ్ స్వరం వస్తుంది. 25 సెంటీమీటర్ల ముక్క 26.5 లాగా పలికి 660 హెర్ట్జ్ ఇస్తుంది. పైపును సగానికి కోస్తే స్వరం రెట్టింపై పై స్థాయి షడ్జమం పలకాలని అనుకుంటాం, కానీ 680 బదులు 660 దగ్గరే ఆగుతుంది. పొట్టి గొట్టానికీ పొడవాటి గొట్టానికీ మూతి సవరణ ఒకటే కావడమే కారణం. పొట్టిదాని పొడవులో అది పెద్ద భాగం.

ఇక్కడా సవరణను తప్పించే దారి అదే, తీసివేత. రెండు పైపుల పొడవుల తేడా 0.25 మీటర్లు. దాన్ని రెట్టింపు చేసి, రెండు స్వరాల కంపన కాలాల తేడాతో భాగించాలి. 340 హెర్ట్జ్‌కు ఒక కంపనం 2.94 మిల్లీసెకన్లు, 660కి 1.51. తేడా 1.43. 0.5 మీటర్లను 1.43 మిల్లీసెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 350 మీటర్లు. మొదటి పైపునొక్కదాన్నే నమ్ముకుని సవరణ లేకుండా లెక్క కడితే 340 వచ్చేది.

స్వరాన్ని ఫోనులోని ట్యూనర్ యాప్ చదివిపెడుతుంది. ఇది చేసి చూసేవాళ్లు రెండు ముక్కలనూ ఒకే పైపు నుంచి కోయండి, అంచులు నిటారుగా ఉండేలా గరుకు కాగితంతో రుద్దండి. ఫోనును మూతికి ఆనించకండి, ఓ జానెడు దూరంలో పక్కగా పెట్టండి. మూతికి అడ్డం వచ్చిన ప్రతి వస్తువూ సవరణను పెంచి స్వరాన్ని దించుతుంది.