సాగిన ముఖాలకు సరైన కొలత

రామానంద్ సాగర్ ‘రామాయణ్’ దూరదర్శన్‌లో మొదట వచ్చింది 1987లో. అప్పటి టీవీ తెర వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3 పాళ్లు. 2020 లాక్‌డౌన్‌లో అదే సీరియల్ మళ్లీ ప్రసారమయ్యేనాటికి ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా 16:9 టీవీలు. పాత బొమ్మ కొత్త తెరకు అతకదు.

43 అంగుళాల టీవీనే చూడండి. తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, పాత బొమ్మకు కావలసింది 71. మిగిలిన జాగా నింపడానికి టీవీ బొమ్మను అడ్డంగా మూడో వంతు సాగదీస్తే రాముడైనా రావణుడైనా బొద్దుగా తయారవుతారు. Zoom నొక్కితే ముఖం బాగానే ఉంటుంది కానీ ఎత్తులో పావు వంతు పోతుంది. కిరీటాలకే ముందు ఎసరు!

రిమోట్‌తో పిక్చర్ సైజులో 4:3 ఎంచుకుంటే చాలు. పక్కల నల్లపట్టీలు వస్తాయి, అది లోపం కాదు. రథచక్రం గుండ్రంగా కనిపిస్తే కొలత కుదిరినట్టే.

అయినా తేడా ఉంటే సెట్‌టాప్ బాక్సును అనుమానించాలి. బాక్సు ఒకసారి, టీవీ ఒకసారి బొమ్మను మారుస్తుంటాయి. బాక్సు ఇప్పటికే పట్టీలు చేర్చి పంపుతుంటే టీవీని 16:9లోనే ఉంచాలి. లేకుంటే ముఖాలు సన్నబడతాయి.

ఛానలే సాగదీసి పంపినా 4:3 సరిచేస్తుంది. ఛానలే అంచులు కోసి పంపితే మాత్రం ఏ బటనూ వాటిని తిరిగి తేలేదు.