ఒక్క పెద్ద ఆర్డరు తలకిందులు చేసే సగటు

ప్రచారం ఎలా పనిచేసిందో చూడటానికి వ్యాపారులు ముందుగా చూసేది సగటు ఆర్డరు విలువ. వచ్చిన సొమ్మంతా కూడి, ఆర్డర్ల సంఖ్యతో భాగిస్తే అది వస్తుంది. ఆర్డర్లన్నీ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నంతకాలం ఈ లెక్కతో ఇబ్బంది లేదు. అమ్మకాల సొమ్ము మాత్రం అలా కుదురుగా ఉండదు. ఆర్డరు ఎంత చిన్నదైనా సున్నా కంటే కిందికి పోదు, పైకి మాత్రం ఎంతవరకైనా వెళ్లగలదు. అయిదారు వందల ఆర్డర్ల మధ్య పాతిక వేలది ఒకటి పడితే సగటు దాని వైపు ఒరిగిపోతుంది. అప్పుడు కనిపించే అంకె ఏ కొనుగోలుదారు ఖర్చుకూ దగ్గరగా ఉండదు.

పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. పాత కొనుగోలుదారుల్లో వెయ్యిమందిని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసింది. మొదటి అయిదువందల మందికి పది శాతం తగ్గింపు ఇస్తామని వాట్సాప్ సందేశం వెళ్లింది. మిగతా అయిదువందల మందికి డెలివరీ ఉచితమని వెళ్లింది. వారం తర్వాత తగ్గింపు జట్టు నుంచి 10 ఆర్డర్లు, ఉచిత డెలివరీ జట్టు నుంచి 14 ఆర్డర్లు వచ్చాయి. రూపాయల్లో వాటి విలువలు చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ఇలా ఉన్నాయి.

తగ్గింపు: 420, 480, 510, 560, 590, 610, 650, 720, 860, 24,600.

ఉచిత డెలివరీ: 450, 520, 560, 600, 640, 680, 700, 740, 760, 800, 850, 900, 980, 1,420.

తగ్గింపు జట్టు మొత్తం 30,000 రూపాయలు, సగటు 3,000. ఉచిత డెలివరీ జట్టు మొత్తం 10,600, సగటు సుమారు 757. ఈ రెండు సగటులే చేతిలో ఉంటే తగ్గింపు సందేశం నాలుగింతలు మెరుగని తేల్చి, వచ్చే నెల ఖర్చంతా దానిమీదే పెట్టేస్తారు. కానీ తగ్గింపు జట్టులో మూడు వేల దరిదాపుల్లో ఖర్చు పెట్టినవారు ఒక్కరూ లేరు. తొమ్మిదిమంది తొమ్మిది వందల లోపే కొన్నారు. మిగిలిన ఒక్కరి ఆర్డరే మొత్తం సొమ్ములో 82 శాతం. దాన్ని పక్కన పెడితే ఆ జట్టు మొత్తం 5,400కు, సగటు 600కు పడిపోతాయి. ఒక్క వరుస తీసేస్తే గెలుపోటములు తారుమారయ్యాయంటే, అంతకుముందు కనిపించిన గెలుపు సందేశానిది కాదు, ఆ వరుసదే.

మధ్యగతం ఈ చిక్కు నుంచి సులువుగా బయటపడేస్తుంది. విలువలను వరుసగా పేర్చి నడుమ ఉన్నదాన్ని తీసుకోవడమే మధ్యగతం. సరి సంఖ్యలో ఉంటే నడుమ ఉన్న రెండింటి సగటు తీసుకుంటారు. తగ్గింపు జట్టులో అయిదోది 590, ఆరోది 610 కాబట్టి మధ్యగతం 600. ఉచిత డెలివరీ జట్టులో ఏడోది 700, ఎనిమిదోది 740 కాబట్టి 720. ఆ 24,600 ఆర్డరు రెండు లక్షలదైనా 600 కదలదు. పెద్ద ఆర్డరు వరుసలో చివర ఉందన్న సంగతే మధ్యగతానికి తెలుసు, ఎంత దూరంలో ఉందో దానికి పట్టదు.

ఆ పట్టనితనమే దాని లోపం కూడా. పది ఆర్డర్లలో ఎనిమిదింటి విలువలు నేరుగా లెక్కలోకి రావు, అవి స్థానాన్ని మాత్రమే చూపిస్తాయి. ఇంతగా వదులుకోవడం ఇష్టం లేనప్పుడు కత్తిరించిన సగటు, అంటే ట్రిమ్డ్ మీన్ వాడతారు. వరుసలో రెండు చివరల నుంచీ సమానంగా కొన్ని విలువలు తీసేసి, మిగిలినవాటికి మామూలు సగటు కడతారు. డైవింగ్ పోటీల్లో ఏడుగురు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తే పై రెండు, కింది రెండు కొట్టేసి మిగిలిన మూడే లెక్కపెట్టడం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. పైన చెప్పిన దుకాణం ఒక్కో చివర పది శాతం కత్తిరిస్తే, తగ్గింపు జట్టులో 420, 24,600 పోయి మిగిలిన ఎనిమిదింటి సగటు 622.50 అవుతుంది. రెండో జట్టులో 450, 1,420 పోయి మిగిలిన పన్నెండింటి సగటు 727.50 అవుతుంది. మధ్యగతం చెప్పిన మాటే ఇక్కడా వినిపించింది.

ఎంత శాతం కత్తిరించాలన్నది పెద్ద ఆర్డర్లు ఎన్ని రావచ్చన్న దాన్నిబట్టి ఉంటుంది. తగ్గింపు జట్టులో 860 స్థానంలో 18,000 రూపాయల ఆర్డరు ఉండి ఉంటే, పది శాతం కోత 24,600ను తీసేసినా 18,000ను లోపలే వదిలేస్తుంది. కత్తిరించిన సగటు 2,765కు ఎగబాకుతుంది, మధ్యగతం మాత్రం 600 దగ్గరే ఉంటుంది. కోత ఎంత శాతమో, ఆ సగటు ఒక చివర అంత శాతం వరకే వింత విలువలను తట్టుకోగలదు. దాదాపు సగం విలువలు చెడిపోయే దాకా తట్టుకునేది మధ్యగతమొక్కటే.

ఈ లెక్కలు ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఒక్కో వరుసతో అయిపోతాయి.

```
=MEDIAN(A2:A11)
=TRIMMEAN(A2:A11, 0.2)
```

రెండో సూత్రంలోని 0.2 దగ్గర చాలామంది తడబడతారు. ఎక్సెల్‌లో అది రెండు చివరలకూ కలిపి చెప్పే వాటా. అంటే ఒక్కో చివర పది శాతం. దాన్ని 0.1 అని రాస్తే పది ఆర్డర్లలో ఒకటి తీయాల్సి వస్తుంది. రెండు వైపులా సమానంగా తీయడానికి ఎక్సెల్ ఆ ఒకటిని కిందున్న సరి సంఖ్యకు, అంటే సున్నాకు దించేస్తుంది. ఏమీ కత్తిరించకుండానే 3,000 అని చూపిస్తుంది, తప్పు జరిగిందన్న హెచ్చరికా రాదు. R భాషలో గానీ, పైథాన్‌లో వాడే సైపై లైబ్రరీలో గానీ ఇదే వాటాను ఒక్కో చివరకు విడిగా చెప్పాలి. అక్కడ 0.1 అంటే రెండు వైపులా పదేసి శాతం. ఒకరి నివేదికలోని పది శాతాన్ని మరొకరి నివేదికతో పోల్చే ముందు ఈ తేడా చూసుకోవాలి.

ఇంతవరకు చూసినవన్నీ కొన్నవారి లెక్కలే. సందేశం అందినవారిలో ఎక్కువమంది ఏమీ కొనలేదు. అయిదువందల మందినీ వరుసలో నిలబెడితే 490 మంది దగ్గర సున్నాయే ఉంటుంది, మధ్యగతం కూడా సున్నాయే అవుతుంది. రెండు జట్లకూ సున్నా వస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. అందుకే ఎంతమంది కొన్నారు, కొన్నవారు మామూలుగా ఎంతకు కొన్నారు అని రెండు ప్రశ్నలుగా విడదీస్తారు. మొదటిదానికి జవాబు రెండు శాతం, 2.8 శాతం. రెండోదానికి మధ్యగతం 600, 720.

తలకొక్కింటికి ఎంత వచ్చిందో ఒకే అంకెలో కావాలంటే పెద్ద ఆర్డరును తీసేయకుండా దానికి పైహద్దు పెడతారు. కొసన ఉన్న విలువలను లోపలి హద్దుకు జరిపే పద్ధతికి అమెరికన్ గణాంకవేత్త చార్లెస్ విన్సర్ పేరు మీద విన్సరైజింగ్ అన్న పేరుంది. జాన్ ట్యూకీ ఈ పద్ధతులను అధ్యయనం చేశాడు. విలువల్లో కొద్దిపాటి కల్తీ ఉన్నా సగటు ఎంతగా దెబ్బతింటుందో 1960లో చూపించాడు. దుకాణం గత ఏడాది ఆర్డర్లలో 99 శాతం అయిదు వేల లోపే ఉన్నాయనుకుందాం. ఆ అయిదు వేలనే హద్దుగా పెట్టుకుంటే 24,600 కాస్తా 5,000 అవుతుంది. తగ్గింపు జట్టు మొత్తం 10,400కు వస్తుంది. తలకు 20.80 రూపాయలు. రెండో జట్టుకు తలకు 21.20. ఇలా చూస్తే రెండు సందేశాలూ సమానమే. 10 ఆర్డర్లకూ 14 ఆర్డర్లకూ ఉన్న తేడా కూడా యాదృచ్ఛికంగా రాగలిగినంత చిన్నది. కాబట్టి ఈ వారం లెక్కల నుంచి గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే, తగ్గింపు నాలుగింతలు మెరుగన్న మాటకు ఆధారం లేదు. ఉచిత డెలివరీయే మేలని తేల్చడానికి మరింతమందికి పంపి చూడాలి.

హద్దు గానీ కోత గానీ ఫలితాలు చూసిన తర్వాత ఎంచుకుంటే ఎవరికి ఇష్టమైన జవాబు వారికి దొరుకుతుంది. ప్రచారం మొదలయ్యే ముందే పాత అమ్మకాలను బట్టి హద్దు రాసిపెట్టుకుని, రెండు జట్లకూ ఒకే నియమం పాటించాలి. పెద్ద ఆర్డరు ఏ జట్టులో పడిందో చూసి దాన్నొక్కదాన్నే తీసేయడం కత్తిరింపు కాదు, గారడీ.

ఆ 24,600 ఎక్కడి నుంచి వచ్చిందో విచారించడం కూడా లెక్కలో భాగమే. ఏటా శ్రావణమాసం పెళ్లిళ్లకు కొనే క్యాటరింగ్ వారిదైతే, సందేశం రాకపోయినా అది వచ్చేదే. సందేశంలోని లింకు నొక్కి కొన్నారా, జీఎస్టీ నంబరుతో బిల్లు అడిగారా, ఇదివరకు ఈ స్థాయిలో కొన్నారా అన్నవి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇలాంటి కొనుగోలుదారులు తరచుగా తగిలే దుకాణాలు, పంపకముందే బల్క్ ఖాతాలను జాబితా నుంచి విడదీసి వారికి వేరే లెక్క పెట్టుకోవడం మేలు. ఎంత చక్కగా కత్తిరించినా, రెండు రకాల వ్యాపారాలను ఒకే వరుసలో పేర్చితే అర్థవంతమైన అంకె రాదు.

డబ్బు లెక్కకు మాత్రం మామూలు సగటుకు బదులు లేదు. సగటును ఆర్డర్ల సంఖ్యతో గుణిస్తే గల్లాపెట్టెలో పడిన సొమ్ము వస్తుంది. 600 మధ్యగతాన్ని పదితో గుణిస్తే ఆరు వేలే వస్తాయి, బ్యాంకులో పడింది ముప్ఫై వేలు. సందేశాలకైన ఖర్చు, లాభనష్టాలు చూసేటప్పుడు అసలు మొత్తమే తీసుకోవాలి. వచ్చేసారి ఏ సందేశం పంపాలో తేల్చేటప్పుడే మధ్యగతం, కత్తిరించిన సగటు అక్కరకొస్తాయి.

మధ్యగతమూ దారి తప్పించగలదు. ఉచిత డెలివరీ సందేశం చూసి, ఆ 14 ఆర్డర్లకు తోడు ఎప్పుడూ కొననివారు పదిమంది 250 రూపాయల కారప్పొడి పొట్లాలు తెప్పించుకున్నారనుకుందాం. మొత్తం 13,100కు పెరుగుతుంది. మధ్యగతం మాత్రం 720 నుంచి 540కి దిగుతుంది. పాతవారెవరూ తక్కువ కొనలేదు, చిన్న కొనుగోలుదారులు కొత్తగా చేరారంతే. ఆర్డర్ల సంఖ్య పక్కన లేకుండా మధ్యగతం ఒక్కటే రాస్తే, ఎక్కువ సొమ్ము తెచ్చిన ప్రచారం ఓడినట్టు కనిపిస్తుంది. సంక్రాంతికి సిబ్బందికి కానుకలివ్వాలనుకునే కంపెనీల కోసం నడిపే ప్రచారంలో ఇబ్బంది ఇంకో రకం. అక్కడ పెద్ద ఆర్డర్లు రావడమే లక్ష్యం కాబట్టి, వాటిని కత్తిరిస్తే కొలవాల్సిన ఫలితమే పోతుంది. అలాంటప్పుడు పది వేలు దాటిన ఆర్డర్లు ఒక్కో జట్టులో ఎన్ని వచ్చాయో విడిగా లెక్కపెడతారు. అవి ఒకటీ అరా మాత్రమే అయితే, చాలినన్ని పోగయ్యే దాకా రెండు మూడు పండుగల ఫలితాలను కలిపి చూస్తారు.