గ్లాసరీ ప్రతి విడతకూ ఎందుకు పంపాలి?

"నమస్తే సర్. మూడో విడత ఫైళ్లు అందాయి. పని మొదలుపెట్టే ముందు గ్లాసరీ తాజా ఫైలు పంపగలరు. మొదటి విడతలో పంపారు, గుర్తుంది. అయినా ఈసారీ కావాలి."

ఫ్రీలాన్స్ అనువాదకులు క్లయింట్లకు తరచూ రాసే మెయిల్ ఇది. ఒకసారి ఇచ్చిన ఫైలు దాచుకోవచ్చు కదా అని అవతలివాళ్లకు అనిపించడం సహజం. అయితే అడగడానికి కారణం ఉంది.

గ్లాసరీ అంటే ఏ ఇంగ్లిషు మాటకు ఏ తెలుగు మాట వాడాలో రెండు పక్షాలూ ఒప్పుకుని రాసుకున్న పట్టిక. సాధారణంగా ఎక్సెల్ ఫైలు. ఇంగ్లిషు మాట, తెలుగు మాట, వాడకూడని మాట, కారణం, మార్చిన తేదీ... ఒక్కోదానికి ఒక్కో నిలువు వరుస.

కొత్త మందుల పరీక్షల్లో పాల్గొనే రోగులకు ఇచ్చే సమ్మతి పత్రాన్నే తీసుకుందాం. మన దేశంలో 2019 నాటి నిబంధనల ప్రకారం అది రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ ఆమోదం పొందాలి. అందులో 'అడ్వర్స్ ఈవెంట్' అనే మాట పదే పదే వస్తుంది. పరీక్ష జరుగుతున్న రోజుల్లో రోగికి వచ్చిన ఏ ఆరోగ్య సమస్య అయినా ఆ లెక్కలోకి వస్తుంది. రోగి బైకు మీంచి పడి చెయ్యి విరిగినా నమోదు చెయ్యాల్సిందే. దాన్ని 'దుష్ప్రభావం' అని రాస్తే మందు వల్ల వచ్చిందన్న అర్థం వచ్చేస్తుంది. అందుకని గ్లాసరీలో మొదట 'ప్రతికూల సంఘటన' అని రాసుకున్నారనుకుందాం. రోగులకు ఇది అర్థం కావడం లేదని కమిటీ అంది. 'ఆరోగ్యంలో వచ్చిన ఇబ్బంది' అని మార్చి, క్లయింటు తన ఫైల్లో సరిచేసుకున్నాడు. అనువాదకురాలికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

తర్వాతి విడతలో రోగి రోజూ నింపాల్సిన డైరీ వచ్చింది. ఆమె పాత మాటే వాడింది. సమ్మతి పత్రంలో ఒక పేరు, డైరీలో ఇంకో పేరు. ఇవి రెండూ వేర్వేరు సంగతులని రోగి అనుకుంటే బైకు ప్రమాదం డైరీకి ఎక్కదు. ఇలాంటి తేడా చాలాసార్లు బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌లో బయటపడుతుంది. ఇంగ్లిషు మూలం చూడని మరో అనువాదకుడు తెలుగు ప్రతిని తిరిగి ఇంగ్లిషులోకి మారుస్తాడు. ఒకే సంగతికి అక్కడ రెండు మాటలు కనిపిస్తాయి. అప్పుడు ప్రింటింగు ఆపి, దిద్దిన ప్రతిని మళ్లీ కమిటీకి పంపాలి.

"పాత అనువాదాలు మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి కదా" అనేది క్లయింట్లు వేసే తర్వాతి ప్రశ్న. ట్రాడోస్, మెమోక్యూ లాంటి వాటిలో ట్రాన్స్‌లేషన్ మెమరీ ఉంటుంది, నిజమే. కానీ అది దాచేది వాక్యాలను. అదే ఇంగ్లిషు వాక్యం మళ్లీ వస్తే పాత తెలుగు వాక్యాన్ని పాత మాటతో సహా తెచ్చి పెడుతుంది. మధ్యలో మాట మారిందని దానికి తెలియదు. అంటే గ్లాసరీ మారినప్పుడు మెమరీ సాయపడకపోగా, పొరపాటును ఇంకా గట్టిపరుస్తుంది.

సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీ కూడా తెలుగు దగ్గర తడబడుతుంది. 'ఇబ్బంది' వాక్యంలో 'ఇబ్బందులు', 'ఇబ్బందుల వల్ల' అని రూపం మారుతుంది. అచ్చంగా అవే అక్షరాల కోసం వెతికే తనిఖీ వీటిని గుర్తించలేక, సరైన వాక్యానికీ తప్పు గుర్తు పెడుతుంది. అందుకే చివరికి పట్టికను పక్కన పెట్టుకుని మనిషి చూసుకోవాల్సిందే.

సరే, పాత ఫైలైనా దాచుకోవచ్చు కదా? చాలా గోప్యతా ఒప్పందాల్లో పని అప్పగించాక ఫైళ్లు తుడిచెయ్యాలని ఉంటుంది. క్లయింటు సర్వరులో పనిచేసినా, ప్రాజెక్టు మూసెయ్యగానే అనువాదకులకు గ్లాసరీ చూసే వీలు పోతుంది. ఈ మధ్యలో ఇంకో కంపెనీ పని వస్తుంది. అదే ఇంగ్లిషు మాటకు వాళ్లు వేరే తెలుగు మాట ఎంచుకుని ఉంటారు. కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడే వీల్లేదు.

మెయిల్ చివర ఆమె రాసింది ఇదే: "ఫైలు పేరులో తేదీ ఉంచండి. పోయిన విడత తర్వాత మారిన వరుసలకు రంగు వెయ్యండి. ఏమీ మారకపోతే 'మార్పు లేదు' అని ఒక్క ముక్క రాసి అదే ఫైలు జత చెయ్యండి."

ఆ ఫైలు జత చెయ్యడానికి నిమిషం పడుతుంది. అచ్చయిన డైరీలు వెనక్కి తెప్పించి మళ్లీ ఆమోదం తెచ్చుకోవాలంటే వారాలు పట్టవచ్చు. అనువాదం చేయించుకునేవాళ్లు ప్రతి విడతతో పాటు గ్లాసరీనీ అడక్కముందే పంపాలి.