ఫొటోలో వచ్చిన లెక్క, వేసవికి వేసే అంచనా

మార్చి ముగిసేసరికి కూలర్లు అమ్మే దుకాణదారు ముందు ఒకటే ప్రశ్న ఉంటుంది: ఈ వేసవికి డిస్ట్రిబ్యూటర్‌కు ఎన్ని చెప్పాలి? తక్కువ చెబితే మే నెలలో వచ్చిన బేరం పక్క దుకాణానికి పోతుంది. ఎక్కువ చెబితే వానాకాలం పొడుగునా పెట్టుబడి గోడౌన్‌లో ఇరుక్కుపోతుంది. జవాబుకు కావలసిన ముడిసరుకు దుకాణం పుస్తకంలోనే ఉంది. మూడు నాలుగేళ్ల అమ్మకాలు మూడు నెలలకొకసారి కూడి రాసిన పేజీ అది. ఈ రోజుల్లో ఆ పేజీ అకౌంటెంట్ దగ్గరికి ఫోన్‌తో తీసిన ఫొటోగానే వెళ్తోంది.

లెక్క అర్థం కావడానికి అలాంటి పేజీ ఒకటి నేనే తయారుచేశాను. అంకెలన్నీ అమ్మిన కూలర్ల సంఖ్య.

| సంవత్సరం | క్యూ1 | క్యూ2 | క్యూ3 | క్యూ4 | మొత్తం |
|---|---|---|---|---|---|
| 2022–23 | 350 | 140 | 106 | 236 | 832 |
| 2023–24 | 370 | 154 | 110 | 252 | 886 |
| 2024–25 | 400 | 160 | 120 | 270 | 950 |

ఫొటో అందగానే లెక్క మొదలుపెట్టేవాళ్లు ముందు పై వరుసను చూడాలి. క్యూ1 అంటే ఏ నెలలు? మన ఆర్థిక సంవత్సరం ప్రకారం ఏప్రిల్ నుంచి జూన్. క్యాలెండర్ ప్రకారం రాసుకునేవారికి జనవరి నుంచి మార్చి. ఫొటోలో సంవత్సరం గడి తెగిపోయి క్యూ1, క్యూ2 మాత్రమే కనిపిస్తే ఈ తేడా తెలియదు. ఇక్కడ 2022–23 అని ఉంది కనుక ఏప్రిల్–జూన్‌తోనే మొదలు. కూలర్లకు అత్యధిక అమ్మకం అక్కడే ఉండటం కూడా దానికి తగ్గట్టే ఉంది.

తర్వాత చూడవలసింది చివరి గడి. చేతిరాతలో 1, 7 కలిసిపోవడం అందరికీ తెలిసిందే. పేజీ ముడతపడ్డా, నీడ పడ్డా 110 కాస్తా 170లా కనిపిస్తుంది. అప్పుడు 2023–24 వరుస కూడితే 946 వస్తుంది, పుస్తకంలో మొత్తం 886 అని ఉంది. తేడా 60. పదుల స్థానంలో 1ని 7గా చదివితే వచ్చే తేడా సరిగ్గా అంతే. పాత గుమాస్తాలు వాడే మరో కిటుకు కూడా ఇక్కడ పనికొస్తుంది: తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 236ను 263గా దించితే తేడా 27. అందుకే ఫొటో తీసేటప్పుడు మొత్తాల వరుస ఫ్రేములో పడేలా తీయమని దుకాణదారుకు ముందే చెప్పడం మంచిది. అది లేకపోతే తప్పును పట్టుకోవడానికి మనకు పెద్దగా ఆధారం మిగలదు.

అంకెలు సరిచూసుకున్నాక అసలు పని మొదలవుతుంది. ఈ పట్టికలో రెండు కదలికలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఏటా తిరిగి వచ్చే వేసవి ఊపు, చలికాలపు మందగింపు. రెండోది వ్యాపారం నెమ్మదిగా పెరగడం. మొదటిదాన్ని కొలిచేది సీజన్ సూచిక. సాధారణ త్రైమాసికాన్ని 100 అనుకుంటే ఫలానా త్రైమాసికం ఎంత అని అది చెబుతుంది.

దీన్ని కట్టడానికి తేలిక దారి ఒకటి కనిపిస్తుంది: మూడేళ్ల ఏప్రిల్–జూన్‌లకు సగటు, మూడేళ్ల జనవరి–మార్చిలకు సగటు తీసి, ఒక్కొక్కదాన్ని మొత్తం సగటుతో భాగించడం. అలా చేస్తే వేసవికి 168, జనవరి–మార్చికి 114 వస్తాయి. రెండూ పక్కదారి పట్టిన అంకెలే. జనవరి–మార్చి ఆర్థిక సంవత్సరం చివర వస్తుంది కాబట్టి ఏడాది పొడుగునా జరిగిన పెరుగుదల దాని ఖాతాలో పడుతుంది. మొదట్లో ఉన్న వేసవికి ఆ మేరకు కోత పడుతుంది.

ఈ చిక్కు తీర్చేది చలన సగటు. వరుసగా ఏ నాలుగు త్రైమాసికాలు కలిపినా అందులో వేసవి ఒకసారి, వానాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి ఉంటాయి. కాబట్టి సీజన్ ప్రభావం దానంతటదే రద్దవుతుంది. 2023 ఏప్రిల్–జూన్‌ను తీసుకుందాం. 2022 అక్టోబర్ నుంచి 2023 సెప్టెంబర్ వరకు అమ్మకం 106, 236, 370, 154 కలిపి 866. ఒక త్రైమాసికం ముందుకు జరిపితే, 2023 జనవరి నుంచి డిసెంబర్ వరకు 870. నాలుగింటి నడిమధ్య రెండు త్రైమాసికాల సందులో పడుతుంది కాబట్టి, ఈ రెండు మొత్తాలూ కలిపి ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా మన త్రైమాసికం మీద నిలబడే సగటు వస్తుంది: 217. ఆ సీజన్‌లో నిజంగా అమ్మింది 370. అంటే 100కి 170.5. మరుసటి వేసవికి ఇదే లెక్క 172.6 ఇస్తుంది.

ఇలా ప్రతి త్రైమాసికానికీ రెండేసి నిష్పత్తులు వస్తాయి. మొదటి రెండు, చివరి రెండు త్రైమాసికాలకు పక్కన కలపడానికి ఏమీ లేవు కనుక వాటికి రావు. వచ్చినవాటిని సగటు చేసి, నాలుగూ కలిపి 400 అయ్యేలా చిన్న సవరణ చేస్తే ఏప్రిల్–జూన్ 171.5, జూలై–సెప్టెంబర్ 69.1, అక్టోబర్–డిసెంబర్ 49.6, జనవరి–మార్చి 109.8.

ఇప్పుడు ఆ 170 సంగతి మళ్లీ చూడాలి. మొత్తాల వరుస లేక, 110ని 170గానే తీసుకుని ముందుకు వెళ్లామనుకోండి. అక్టోబర్–డిసెంబర్ సూచిక 49.6 నుంచి దాదాపు 61కి ఎగబాకుతుంది. అంతటితో ఆగదు, ఆ తప్పు అంకె పక్క త్రైమాసికాల చలన సగటుల్లోకీ చొరబడుతుంది. దాంతో వేసవి సూచిక 171.5 నుంచి 166కి పడిపోతుంది. నాలుగు సూచికలూ కలిపితే మాత్రం ఇంచుమించు 400 అవుతాయి. కాబట్టి 400 సరిపోయిందని నిశ్చింతగా ఉండకూడదు. ఈ తప్పు పట్టుబడే చోటు వేరు: సగటు చేయకముందు ఆ త్రైమాసికపు రెండు నిష్పత్తులను పక్కపక్కన పెట్టి చూడాలి. సరైన అంకెలతో అవి 50.4, 48.8. తప్పు అంకెతో 50.4, 70.8. ఒకే సీజన్ ఏడాదిలో ఇంతగా మారడం అరుదు. అంత ఎడం కనబడిందంటే ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూడాలి, లేదా దుకాణానికి ఫోన్ చేసి ఆ ఏడాది ఏం జరిగిందో అడగాలి.

సూచికలు చేతికొచ్చాక ప్రతి అమ్మకాన్నీ దాని సూచికతో భాగించి 100తో గుణిస్తే సీజన్ తొలగిపోయిన అమ్మకం మిగులుతుంది. మన పట్టికలో అది 2022 వేసవికి 204 దగ్గర మొదలై 2025 మార్చికి 246 దగ్గర ఆగుతుంది. ఈ వరుసను ముందుకు పొడిగించడానికి వాడేది ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్. దీన్ని మొదట వాడినవారిలో ఒకరు రాబర్ట్ గుడెల్ బ్రౌన్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం కోసం జలాంతర్గాముల కదలికను అంచనా వేసే పని చేసిన ఆయన, ఆ ఆలోచననే తర్వాత గోడౌన్ సరుకుల లెక్కకు మళ్లించాడు. సూత్రం ఒక్క వాక్యమే:

కొత్త అంచనా = పాత అంచనా + ఆల్ఫా × (నిజంగా జరిగిన అమ్మకం − పాత అంచనా)

ఆల్ఫా సున్నాకూ ఒకటికీ మధ్య మనం ఎంచుకునే సంఖ్య. 0.3 అంటే, మన అంచనా ఎంత తప్పిందో అందులో పది పాళ్లకు మూడు పాళ్లు మాత్రమే సరిదిద్దుకుంటామని. ఒక త్రైమాసికంలో కాకతాళీయంగా అమ్మకం పెరిగితే అంచనా ఎగిరిపడదు. నిజంగానే గిరాకీ మారితే క్రమంగా దారికి వస్తుంది.

204తో మొదలుపెట్టి 0.3తో నడిపిస్తే 2025 మార్చి తర్వాత స్థాయి 235.5 వస్తుంది. దాన్ని వేసవి సూచికతో గుణిస్తే 404 కూలర్లు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కానీ పట్టికలో వేసవి అమ్మకం మొదట 20, తర్వాత 30 పెరిగింది. ఈసారి నాలుగే పెరుగుతుందా?

లోపం ఎక్కడుందో తప్పుల గుర్తులు చెబుతాయి. మొదటి ఒక్క త్రైమాసికం వదిలేస్తే, ఆ తర్వాత ప్రతిసారీ నిజమైన అమ్మకం అంచనాకంటే ఎక్కువే. చివరి రెండుసార్లయితే 15 చొప్పున. ఆరోగ్యంగా ఉన్న అంచనా ఒకసారి పైకి, ఒకసారి కిందికి తప్పుతుంది. ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే అది వెనకబడి నడుస్తోందన్న మాట. మన వరుస త్రైమాసికానికి సుమారు 3.8 పెరుగుతోంది. స్థిరంగా పెరిగే వరుస వెనక ఈ సూత్రం పెరుగుదలను ఆల్ఫాతో భాగించినంత దూరంలో పడి ఉంటుంది. 3.8ని 0.3తో భాగిస్తే 12.7. మనకు కనబడ్డ తప్పులు దాని చుట్టూనే ఉన్నాయి. ఆల్ఫా పెంచితే ఈ దూరం తగ్గుతుంది. కానీ అప్పుడు ప్రతి చిన్న ఒడిదొడుకుకూ అంచనా ఊగిపోతుంది.

సరైన మందు చార్లెస్ హోల్ట్ 1957లో చూపించాడు: స్థాయితోపాటు పెరుగుదలను కూడా అదే పద్ధతిలో విడిగా సరిదిద్దుకుంటూ పోవడం. సీజన్‌ను కూడా అదే సూత్రంలో కలిపింది ఆయన విద్యార్థి పీటర్ వింటర్స్, 1960లో. మనం సీజన్‌ను ముందే తీసేశాం కనుక హోల్ట్ పద్ధతి చాలు. మొదటి పెరుగుదలను 3.5గా తీసుకుని, స్థాయికి 0.3, పెరుగుదలకు 0.2 వాడితే చివరికి స్థాయి 243.5, పెరుగుదల 3.8 వస్తాయి. రెండూ కలిపి 247.3, దాన్ని వేసవి సూచికతో గుణిస్తే 424. తప్పులు ఈసారి రెండు వైపులా పడ్డాయి, సగటున మూడు చొప్పున. వేసవి లెక్కలో అది దాదాపు ఐదు కూలర్లు. 404కీ 424కీ మధ్య ఉన్న ఇరవై కూలర్లు మే నెలలో ఒక దుకాణానికి తక్కువేమీ కాదు. అయితే ఆ ఐదు కూలర్ల తేడా గడిచిన కాలానికి సరిపోయేది. రాబోయే వేసవిలో అంతకంటే ఎక్కువే తప్పవచ్చు.

సూచికకూ ఒక హద్దుంది. నెలలు మారనంతవరకే అది పనిచేస్తుంది. కూలర్లకు ఎండ ఏటా ఇంచుమించు అదే నెలల్లో వస్తుంది. బట్టల దుకాణానికి అలా కాదు. దసరా 2023లో అక్టోబర్ నాలుగో వారంలో వచ్చింది, 2025లో అక్టోబర్ 2న. అంటే 2025లో పండగ కొనుగోళ్లు చాలావరకు సెప్టెంబర్‌లోనే అయిపోయి, ముందటి త్రైమాసికంలో చేరాయి. అలాంటి పేజీ ఫొటోలో వస్తే రెండు నిష్పత్తుల మధ్య ఎడం కనబడుతుంది. అది చదవడంలో తప్పు కాదు, పంచాంగం తెచ్చిన తేడా. దాన్ని సగటులో కలిపేస్తే రెండు త్రైమాసికాల సూచికలూ చెడతాయి. 2020 ఏప్రిల్–జూన్ లాంటి లాక్‌డౌన్ అంకె ఉంటే దాన్ని నిష్పత్తుల్లోంచి తీసేయడమే మేలు.

జూన్ గడిచి నిజమైన అంకె వచ్చాక ఈ లెక్క మళ్లీ మొదటినుంచి చేయనక్కర్లేదు. 440 అమ్ముడయ్యాయనుకుందాం. సీజన్ తీసేస్తే అది 256.6, మన అంచనా 247.3, తప్పు 9.3. అందులో 0.3వ వంతు కలిపితే స్థాయి 250.1 అవుతుంది, పెరుగుదల 4.4కి చేరుతుంది. వానాకాలం త్రైమాసికానికి అంచనా 174 నుంచి 176కి జరుగుతుంది.