లిఫ్టు పక్కన అంటించాల్సిన లెక్క

‘గత నెల కామన్ కరెంటు బిల్లు ఎక్కువ వచ్చింది. ఫ్లాటు ఓనర్లు, అద్దెకున్నవారు అందరూ పొదుపు పాటించి సహకరించగలరు. ఇట్లు, కమిటీ.’ అపార్ట్‌మెంటుల్లో లిఫ్టు పక్కన ఈ కాగితం తరచూ కనిపిస్తుంది. చదివినవాళ్లు చేయగలిగింది మాత్రం ఏమీ ఉండదు. కరెంటు ఎక్కడ ఖర్చవుతోందో ఆ కాగితంలో లేదు మరి. అది రాయని చోట అనుమానాలు పుడతాయి. అయిదో అంతస్తు వాళ్ల పిల్లలు లిఫ్టుతో ఆడుతున్నారనీ, వాచ్‌మన్ గదిలో హీటర్ పెట్టారనీ మాటలు మొదలవుతాయి.

కమిటీ అన్నిటికంటే ముందు చెప్పాల్సింది రేటు గురించి. మెట్ల లైట్లు, లిఫ్టులు, మోటార్లు అన్నిటికీ కలిపి ఒకే మీటరు ఉంటుంది. ఎక్కువ భాగం నివాసాలే అయిన భవనంలో దానికీ ఇంటి టారిఫే వర్తిస్తుంది. కానీ నలభై ఇళ్ల వాడకం ఒక్క మీటరు మీద పడటంతో స్లాబులన్నీ దాటేస్తుంది. తెలంగాణలో నెలకు 180 యూనిట్లు కాల్చే ఇంట్లో చివరి యూనిట్ ధర 4.80 రూపాయలు. కామన్ మీటరు 800 దాటిపోతుంది కాబట్టి అక్కడ చివరి యూనిట్ 10 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 400 దాటాక 9.75. అంటే ఇంట్లో ఒక లైటు ఆపినదానికంటే మెట్ల మీద అదే లైటు ఆపితే రెట్టింపు మిగులుతుంది. అయినా ఇంట్లో స్విచ్చులు వెతికి మరీ ఆపేవాళ్లు పార్కింగ్ లైట్ల వంక చూడరు. ఆ బిల్లు తమది కాదన్నట్టే ఉంటారు.

హైదరాబాద్‌లో నిజాంపేట, మియాపూర్ వైపు వీధివీధినా కనిపించే అయిదంతస్తుల భవనం ఒకటి తీసుకుందాం. నలభై ఫ్లాట్లు, రెండు లిఫ్టులు, 5 హెచ్‌పీ బోరు మోటారు, సంపు నుంచి పైట్యాంకుకు ఎక్కించే 3 హెచ్‌పీ మోటారు, పాత చోకు ట్యూబులైట్లు యాభై. నెలకు సుమారు 2,700 యూనిట్లు కాలతాయి. యూనిట్ల చార్జీయే దాదాపు 25,500 రూపాయలు అవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం దాని మీద అదనం. ఫ్లాటుకు 640 రూపాయలకు తక్కువ పడదు.

ఇందులో అందరూ అనుమానించే లిఫ్టుల వాటా 480 యూనిట్లకు మించదు. అందులోనూ కొంత, మనిషి ఎక్కకపోయినా రాత్రంతా తిరిగే క్యాబిన్ ఫ్యానుది, లైటుది. రెండు లిఫ్టులకూ కలిపి ఇదే నెలకు 130 యూనిట్ల దాకా అవుతుంది. కాసేపు ఎవరూ ఎక్కకపోతే ఫ్యానూ లైటూ ఆగిపోయేలా చాలా లిఫ్టుల్లో సెట్ చేయవచ్చు. ఈసారి సర్వీసుకు వచ్చిన మెకానిక్‌ను అడిగి చూడాలి. ఇంకో సంగతి. క్యాబిన్‌కు ఎదురుగా వేలాడే బరువు, క్యాబిన్ సగం నిండినప్పటి బరువుకు దాదాపు సరితూగేలా పెడతారు. అందుకని ఖాళీ లిఫ్టు పైకి వెళ్లడం తేలిక, కిందికి దిగడమే మోటారుకు భారం. రెండు లిఫ్టుల బటన్లూ నొక్కి ఏది ముందొస్తే అది ఎక్కేవాళ్లు రెండోదాన్ని ఊరికే తిప్పుతున్నట్టే.

అసలు ఖర్చు లైట్లది. చోకుతో కలిపి ట్యూబు ఒక్కోటి 50 వాట్లు తింటుంది. వరండాల్లో ముప్ఫై ట్యూబులు రాత్రి పన్నెండు గంటలు వెలుగుతాయి. పార్కింగ్‌లో ఇరవై పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 1,260 యూనిట్లు, అంటే బిల్లులో దాదాపు సగం. వాటి చోట 20 వాట్ల ఎల్‌ఈడీలు బిగిస్తే 504కు దిగుతుంది. నెలకు 7,500 రూపాయలు మిగులుతాయి. ఒక్కోటి 250 రూపాయలనుకున్నా యాభైకీ పెట్టిన డబ్బు రెండు నెలల్లో తిరిగొస్తుంది. పార్కింగ్‌లో పగలంతా లైట్లు ఎందుకని వాచ్‌మన్‌ను కోప్పడి లాభం లేదు. చాలాచోట్ల ఆ ఇరవై లైట్లకూ ఒకటే స్విచ్ ఉంటుంది. గోడలు లేని స్టిల్ట్ పార్కింగ్‌లో చుట్టూ అంచు వరసలకు పగటి వెలుతురు సరిపోతుంది, లోపలి వరసకే లైటు కావాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరింగును లోపలి వరస, బయటి వరస అని రెండుగా విడదీయిస్తే గొడవ తీరుతుంది.

మిగిలిన పెద్ద పద్దు నీళ్లు. నివాసులు నిజంగా తగ్గించగలిగింది ఇదే. ఈ భవనంలో బోరు లోతు నాలుగు వందల అడుగులనుకుంటే, వెయ్యి లీటర్లను సంపులోకి లాగి అక్కణ్నుంచి పైట్యాంకుకు ఎక్కించడానికి దాదాపు ఒక యూనిట్ కాలుతుంది. అంటే వెయ్యి లీటర్ల నీళ్లలో పది రూపాయల కరెంటు ఉంది. పైట్యాంకు నిండాక కూడా మోటారు అరగంట ఆడితే ఏడు వేల లీటర్లకు పైగా డాబా మీంచి పోతాయి. రోజూ ఇదే జరిగితే నెలకు రెండు వేల రూపాయల పైమాటే. నీళ్లు నిండగానే మోటారును ఆపే లెవెల్ కంట్రోలర్ పెట్టిస్తే వాచ్‌మన్ గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. ఇళ్లలో ఫ్లష్ ట్యాంకు నుంచి దారంలా కారే నీరు కూడా లెక్కలోకి వస్తుంది. గంటకు పది లీటర్లు కారినా నెలకు ఏడు వేల లీటర్లు అవుతుంది. ఫ్లష్ ట్యాంకులో కొంచెం పసుపు కలిపి, అరగంట ఎవరూ వాడకుండా చూడండి. కమోడ్‌లోకి పసుపు రంగు దిగితే లోపలి వాషర్ మార్చాల్సిందే.

ఎండాకాలం బిల్లు పెరిగితే తప్పు నివాసులదే కానక్కర్లేదు. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు గంటకు తినే కరెంటు పెద్దగా తగ్గదు, ఇచ్చే నీళ్లే తగ్గుతాయి. సంపు నిండటానికి ఎంతసేపు పట్టిందో వాచ్‌మన్ రోజూ రిజిస్టరులో రాస్తుంటే ఇది ముందే తెలుస్తుంది. వర్షాలు పడి భూగర్భ జలం పెరిగాక కూడా ఆ సమయం తగ్గలేదంటే, బోరులోకి దించిన పైపుకు చిల్లు పడిందో, పంపు లోపల అరిగిందో చూపించుకోవాలి.

లెక్క తేలాలంటే రాత్రి రీడింగ్ కావాలి. పదకొండింటికి మీటరు ఫొటో తీసి, మళ్లీ తెల్లవారుజామున అయిదింటికి తీయాలి. మోటార్లు ఆడకపోతే ఆ ఆరు గంటల్లో పాత ట్యూబులతో ఇరవై యూనిట్ల దగ్గర ఆగాలి. నలభై చూపిస్తే ఎక్కడో మోటారు తిరుగుతోందన్నమాట. పైట్యాంకు మట్టం కూడా రాసిపెడితే పైపు లీకు ఉందో లేదో అప్పుడే తేలుతుంది.

లైట్లు, పైట్యాంకు పొంగడం, లిఫ్టు ఫ్యాన్లు, ఈ మూడూ సరిచేస్తే 2,700 యూనిట్లు దాదాపు 1,650కి వస్తాయి. ఫ్లాటుకు నెలకు 260 రూపాయలు తగ్గినట్టు. డాబా మీద సోలార్ ఆలోచన ఆ తర్వాతే చేయాలి. ముందే పెట్టిస్తే వృథా అయ్యే యూనిట్లకు కూడా ప్యానెళ్లు కొనాల్సి వస్తుంది. 10 కిలోవాట్ల ప్లాంటుకు నీడ పడని జాగా వెయ్యి చదరపు అడుగులు కావాలి, నెలకు 1,200 యూనిట్ల దాకా వస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల కామన్ అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. సంతకాలకు వెళ్లేముందు డాబా మీద వాటర్ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, బట్టల తీగలు పోగా ఎంత జాగా మిగిలిందో టేపు పెట్టి కొలవండి.