పడమటి గోడకు నీడ: చెట్టు ఎంత దూరంలో?

గుంటూరు వైపు నల్లరేగడి నేలలో ఇల్లు. పడమటి గది మే నెలలో రాత్రి పదింటికీ చల్లబడదు. చెట్టు ఎక్కడ నాటాలి?

పడమరే ఎందుకు?

మే నెల మధ్యాహ్నం మనకు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. దక్షిణపు గోడకు ఎండ పెద్దగా తగలదు. మూడు దాటాక ఎండ ఏటవాలుగా పడమటి గోడ మీద పడుతుంది. గోడ ఆ వేడిని పట్టి ఉంచుకుని, రాత్రంతా గదిలోకి వదులుతుంది.

గోడ పక్కనే నాటితే ఏమవుతుంది?

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో వేర్లు పునాది కింద తేమను లాగేస్తే ఆ మూల కుంగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. అవి ఎండల్లో వెడల్పయి, వానల్లో సన్నబడుతుంటే నేల కదులుతోందని అర్థం. అందుకే ఈ నేలలో, చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరంలో నాటాలి. ఎర్రనేలల్లో ఈ కదలిక చాలా తక్కువ. రావి, మర్రి, జువ్వి మాత్రం ఏ నేలలోనూ ఇంటి దగ్గర వద్దు.

అంత దూరం నుంచి నీడ అందుతుందా?

అందుతుంది. 20 అడుగులు పెరిగే జామను గోడకు 20 అడుగుల దూరంలో నాటామనుకుందాం. మే నెలలో సాయంత్రం నాలుగింటికి దాని నీడ గోడ మీద సుమారు 7 అడుగుల ఎత్తుకు వస్తుంది, అంటే కిటికీ పైఅంచు దాకా. ఐదింటికి గోడంతా కప్పేస్తుంది. ఆ వేళ సూర్యుడు నేరుగా పడమరన కాక, కాస్త ఉత్తరానికి ఉంటాడు. కాబట్టి చెట్టును కిటికీకి సరిగ్గా ఎదురుగా కాకుండా నాలుగడుగులు ఉత్తరానికి జరపండి.

జామే ఎందుకు?

వేసవిలోనూ ఆకు నిలుపుకుంటుంది. సీతాఫలం సరిగ్గా ఎండలు ముదిరేటప్పుడు బోసిగా ఉంటుంది. వేప నీడ మంచిదే కానీ, 40 అడుగులు దాటి పెరుగుతుంది కనుక అంత స్థలం ఉన్నవారికే.

గాలి ఆగదా?

వేసవి సాయంత్రం పైరగాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. పడమటి చెట్టు దానికి అడ్డు కాదు. తూర్పు, దక్షిణం వైపు కిటికీల ముందు మాత్రం అశోక చెట్ల వరుస, గుబురు పొదలు పెట్టకండి. అక్కడ చెట్టు ఉంటే ఎనిమిది అడుగుల వరకు కొమ్మలు తీసేయండి. గాలి కింద నుంచి సాగుతుంది.

పడమర 20 అడుగుల జాగా లేకపోతే?

నల్లరేగడిలో చెట్టు ఆశ వదులుకోండి. గోడకు రెండు మూడు అడుగుల ఎడంగా పందిరి వేసి దొండ తీగ పాకించండి. పడమటి ఎండకు అదే సరిపోతుంది.